తోటలోకి పిలిస్తే వచ్చినవాడు, పిలవకుండా దూరినవాడు

ప్రశ్న: "మా మామిడి తోటలో ఒర లేని పాత బావి ఉంది. కంచె ఒకచోట విరిగితే అక్కణ్ణుంచి పిల్లలు దూరుతున్నారు. రాత్రిపూట అడవి పందులు, కాయల దొంగలు. కంచెకి కరెంటు పెడదామంటున్నాడు మా తమ్ముడు. చెప్పకుండా వచ్చినవాడికి ఏమైనా అయితే మాకేం సంబంధం?"

సంబంధం ఉందండీ. ముందు మీ తమ్ముడి చేత ఆ కరెంటు పని మాన్పించండి. ఎందుకో చెప్తాను.

నేను లాయర్ని. నూజివీడు దగ్గర మాకూ తోట ఉంది. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో, డ్రిప్ పైపు కోసం తవ్విన గుంతని మా నాన్నగారు పూడ్పించకుండా వదిలేశారు. రెండు వారాల్లో ఎండుటాకులు రాలి అది నేలలో కలిసిపోయింది. కాయలు దించడానికి షావుకారు పంపిన కూలీ, చేతిలో చిక్కం, చూపంతా కొమ్మల మీద. అడుగు అందులో పడింది. కాలి ఎముక విరిగింది. "కింద చూసుకు నడవద్దా" అన్నారు నాన్నగారు. అతను పైకి చూస్తూ చేయాల్సిన పని కోసమే మన తోటలోకి వచ్చాడు, కింద ఏముందో తెలిసింది మనకే అని నేను చెప్పాల్సి వచ్చింది. ఆసుపత్రి ఖర్చు, రెండు నెలల కూలి ఇచ్చాం. కేసు దాకా వెళ్లినా మేమే ఓడిపోయేవాళ్లం.

మన దేశంలో దీనికి విడిగా చట్టం లేదు. పాత ఇంగ్లీషు కామన్ లా సూత్రాలనే కోర్టులు వాడుతున్నాయి. పట్టా ఎవరి పేరున ఉందన్నది అసలు ప్రశ్న కాదు, స్థలం ఎవరి అదుపులో ఉందో చూస్తారు. కాబట్టి తోట గుత్తకిచ్చి ఉంటే గుత్తదారు కూడా బాధ్యుడవుతాడు.

ఇప్పుడు మీ బావినే తీసుకుందాం. షావుకారు పగలు కాపు చూసుకోవడానికి వచ్చి గడ్డి కప్పేసిన అంచు మీద కాలేసి పడ్డాడనుకోండి. వ్యాపారం పని మీద వచ్చిన మనిషి కాబట్టి, మీకు తెలిసిన ప్రమాదమే కాదు, కాస్త చూసుకుంటే తెలిసి ఉండే ప్రమాదం నుంచి కూడా అతన్ని కాపాడాలి. నష్టపరిహారం కట్టాల్సిందే. గేటు దగ్గర "జాగ్రత్త" అని బోర్డు పెడితే చాలదు. బావి ఎక్కడుందో తెలిసి, తప్పుకొని నడిచే వీలుంటేనే అది హెచ్చరిక.

అదే షావుకారు రాత్రి కంచె దాటి వచ్చి పడితే? మీరిచ్చిన అనుమతి పగలు కాపు చూడటానికే. రాత్రి అతను చొరబాటుదారు. అతని కోసం బావికి ఒర కట్టించాల్సిన బాధ్యత మీకు సాధారణంగా ఉండదు. ఎవరూ పడాలని తవ్వింది కాదు, అతను వస్తాడని మీకు తెలియదు.

పిల్లల సంగతి వేరు. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. వాళ్లు ఆ సందులోంచి వస్తున్నారని మీరే రాశారు. 1972లో ఇంగ్లండులో బ్రిటిష్ రైల్వేస్ బోర్డు మీద వచ్చిన తీర్పు సరిగ్గా ఇలాంటిదే. విరిగిన కంచెలోంచి ఆరేళ్ల పిల్లవాడు వెళ్లి కరెంటు పట్టా తగిలి తీవ్రంగా కాలి గాయపడ్డాడు. పిల్లలు అటు వస్తున్నారని రైల్వేవాళ్లకి ముందే తెలుసు. చొరబాటే అయినా, తెలిసి వదిలేయడం మానవత్వం కాదని బాధ్యత వేశారు. ఇంగ్లీషు తీర్పులకు మన కోర్టులు కట్టుబడక్కర్లేదు గానీ, ఇలాంటి వాటిని గౌరవంగా చూస్తాయి. పైగా తెలిసీ ఏళ్ల తరబడి ఊరుకుంటే, మౌనంగా అనుమతిచ్చినట్టే అని వాదించే వీలు అవతలివాళ్లకి ఉంటుంది.

ఇక కరెంటు తీగ. చెరుబిన్ గ్రెగరీ కేసులో ఒకాయన, పొరుగింటావిడ తన మరుగుదొడ్డి వాడుతోందని ఆ దారికి అడ్డంగా తొడుగు లేని రాగి తీగ కట్టి కరెంటు ఇచ్చాడు. హెచ్చరిక ఏదీ లేదు. లోపలికి వెళ్లేటప్పుడు ఆమెకి తగల్లేదు, బయటికి వస్తుంటే చెయ్యి తగిలి చనిపోయింది. నా స్థలం, నా ఆస్తి రక్షణ అన్నాడాయన. చొరబడినంత మాత్రాన మనిషి చట్టం రక్షణ కోల్పోడని, అలా ఉచ్చు పెట్టే హక్కు ఎవరికీ లేదని 1963లో సుప్రీంకోర్టు చెప్పి, నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరానికి పాత ఐపీసీ 304ఎ సెక్షన్ కింద పడిన శిక్ష ఖాయం చేసింది. ఇప్పుడు ఆ నేరం భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో ఉంది, శిక్ష అయిదేళ్ల దాకా పడొచ్చు. ప్రాణం పోతుందని తెలిసే పెట్టారని తేలితే ఇంకా పెద్ద సెక్షన్ పడుతుంది. పందుల కోసం పెట్టామన్నా తప్పించుకోలేరు. ఆ దారిన పిల్లలు వస్తారని మీకు తెలుసు కదా.

పందుల కోసమే అయితే, కరెంటుని క్షణకాలం పాటు విడతలు విడతలుగా మాత్రమే వదిలే ఎనర్జైజర్ ఉన్న సోలార్ కంచె వేయించుకోండి. అది షాక్ కొట్టి తరుముతుంది, కంపెనీవాళ్లు చెప్పినట్టు బిగిస్తే ప్రాణం తీయదు. మోటారు లైను నుంచి మాత్రం తీగ లాగొద్దు. ఈ వారంలోనే ఆ సందు మూయించి, ఒర కట్టించేదాకా బావి మీద ఇనుప జాలీ బిగించండి. కొమ్మలతో కప్పితే బావి అసలు కనబడదు, మా గుంత విషయంలో జరిగింది అదే.