బొమ్మ వస్తుంది, మాట రాదు

సందేహం: ఫోన్‌ని కేబుల్‌తో టీవీ యూఎస్‌బీ పోర్టుకు కలిపితే చార్జింగ్ అవుతోంది తప్ప సినిమాలు కనపడటం లేదు. అదే సినిమాను పెన్‌డ్రైవ్‌లో వేసి పెడితే బొమ్మ వస్తోంది కానీ సౌండ్ లేదు. ఫోన్‌లో అయితే బాగానే వినిపిస్తోంది. ఎందుకిలా?

జవాబు: మొదటిదానికి మీ కేబుల్ తప్పేమీ లేదు. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లు యూఎస్‌బీలో పెన్‌డ్రైవ్‌లా కాకుండా ఎంటీపీ పద్ధతిలో ఫైళ్లు చూపిస్తాయి. కంప్యూటర్‌కి అది అర్థమవుతుంది, చాలా టీవీలకు కాదు. కాబట్టి ఓటీజీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడమే మేలు.

అసలు చిక్కు సౌండ్‌ది. ఎంకేవీ, ఎంపీ4 అనేవి పైన కనిపించే డబ్బాలు మాత్రమే. లోపల వీడియో ఒక కోడెక్‌లో, అంటే కుదించి దాచే ఒక పద్ధతిలో, ఆడియో మరో కోడెక్‌లో ఉంటాయి. మీ టీవీకి వీడియో కోడెక్ తెలుసు, ఆడియోది తెలియదు. ఇలాంటప్పుడు నేను ముందుగా అనుమానించేది డీటీఎస్ అనే ఆడియో కోడెక్‌ని. దానికి తయారీదారు లైసెన్సు తీసుకోవాలి, చాలా టీవీల్లో అది ఉండదు. ఫోన్‌లోని వీఎల్‌సీ లాంటి ప్లేయర్ సొంతంగా డీకోడ్ చేసుకుంటుంది కాబట్టి అక్కడ వినిపిస్తుంది.

ముందు రిమోట్‌లో ఆడియో ట్రాక్ మార్చి చూడండి. కొన్ని ఫైళ్లలో రెండో ట్రాక్ ఉంటుంది, పని అక్కడితో అయిపోవచ్చు. లేకపోతే ఫైల్‌ని కంప్యూటర్‌లో వీఎల్‌సీతో తెరిచి Ctrl+J నొక్కండి. ఆడియో వరుసలో DTS Audio అని ఉంటే దొంగ దొరికినట్టే. A52 Audio అని ఉంటే అది డాల్బీ, దాన్నీ కొన్ని టీవీలు పలకవు.

సినిమా మొత్తాన్ని కన్వర్ట్ చేయకండి, గంటలు పడుతుంది, బొమ్మ నాణ్యతా తగ్గుతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత టూల్‌తో ఆడియో ఒక్కటే ఏఏసీ కోడెక్‌లోకి మార్చండి. కంప్యూటర్ కమాండ్ విండోలో, cinema.mkv ఉన్న చోట మీ ఫైల్ పేరు పెట్టి, ఇలా కొట్టండి:

```
ffmpeg -i cinema.mkv -map 0:v:0 -map 0:a:0 -c:v copy -c:a aac -b:a 192k -ac 2 cinema-tv.mkv
```

ఇందులో `-c:v copy` అంటే వీడియోను ముట్టుకోవద్దని. అందుకే పని త్వరగా అయిపోతుంది. `-ac 2` ఆరు చానళ్ల సౌండ్‌ని స్టీరియోగా కుదిస్తుంది. సబ్‌టైటిల్స్ మాత్రం ఈ కమాండ్‌తో రావు. కావాలంటే విడిగా ఎస్ఆర్‌టీ అనే సబ్‌టైటిల్ ఫైల్‌ని కొత్త సినిమా ఫైల్ పేరుతోనే పక్కన పెట్టండి.

సైజూ తగ్గుతుంది. రెండున్నర గంటల సినిమాలో 1509 కేబీపీఎస్ డీటీఎస్ ట్రాక్ ఒక్కటే సుమారు 1.7 జీబీ తింటుంది, ఏఏసీ అయితే 0.2 జీబీ. అంటే 5 జీబీ ఫైల్ మూడున్నరకు దిగుతుంది. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు కదా, ఆ ఇబ్బందీ తీరుతుంది.

సౌండ్ వచ్చి బొమ్మ రాకపోతే మాత్రం ఈ కమాండ్ పనికిరాదు. వీడియో హెచ్‌ఈవీసీ అనే కోడెక్‌లో ఉండి, పాత టీవీ దాన్ని చదవలేకపోతోందేమో చూడండి. అప్పుడు వీడియోను హెచ్.264లోకి మార్చక తప్పదు.