25వ పదం మీతోనే పోతే?

ప్రశ్న: మాది పర్లాకిమిడి, ఎలక్ట్రికల్ షాపు ఉంది. హార్డ్‌వేర్ వాలెట్ అనే చిన్న పరికరంలో సుమారు 6 లక్షల బిట్‌కాయిన్ ఉంది. అది పాడైనా పోయినా వాలెట్ మళ్లీ తెరిచేందుకు ఇచ్చిన 24 పదాలు డైరీలో తెలుగులో రాసి పెట్టాను, వాటికి 25వ పదంలా నేను జోడించుకున్న పాస్‌ఫ్రేజ్ నా మనసులోనే ఉంది. మా ఆవిడకు ఇవేమీ తెలియవు. పదాలు వీలునామాలో రాస్తే చాలా? మొన్న బంగారం తాకట్టు పెట్టి 2 లక్షలవి ఇంకా కొన్నాను.

జవాబు: ముందు ఆ బంగారం విడిపించండి. ధర పడినా వడ్డీ ఆగదు. మీకేమైనా అయితే ఆ అప్పు మీ ఆవిడ నెత్తిన పడుతుంది, కాయిన్ మాత్రం ఆమె చేతికి రాదు.

ఎందుకు రాదంటే, పాస్‌ఫ్రేజ్ తప్పయినా, అసలు ఇవ్వకపోయినా వాలెట్ తప్పు అని చెప్పదు. ఇంకో వాలెట్ తెరిచి, అందులో సున్నా చూపిస్తుంది. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబానికి ఇదే జరిగింది. కాగితం మీద 24 పదాలూ సరిగ్గానే ఉన్నాయి, తెర మీద మాత్రం సున్నా. ‘ఎప్పుడో అమ్మేసుకుని ఉంటాడు’ అనుకుని ఊరుకున్నారు. చాలా రోజుల తర్వాతే పాస్‌ఫ్రేజ్ సంగతి ఎవరికో తట్టింది. అదేమిటో చెప్పగలిగిన మనిషి లేడు. ఇది బ్యాంకు ఖాతా కాదు, డెత్ సర్టిఫికెట్ పట్టుకెళ్లి అడగడానికి కౌంటర్ ఉండదు.

తెలుగులో రాయడమూ పొరపాటే. knife ను ‘నైఫ్’ అని రాస్తే మొదటి అక్షరం k అని ఇంట్లో వాళ్లకెలా తెలుస్తుంది? తెర మీద కనబడినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో, వరుస నంబర్లతో రాయండి. పాస్‌ఫ్రేజ్‌ను పెద్ద, చిన్న అక్షరాలు, ఖాళీలతో సహా వేరే కాగితం మీద రాసి, వేరే ఊళ్లో నమ్మకమైన మనిషి దగ్గరో లాకర్‌లోనో పెట్టండి.

వీలునామాలో మాత్రం పదాలు వద్దు. రిజిస్టర్ చేసిన వీలునామాకు మీ తదనంతరం ఎవరైనా నకలు తీసుకోవచ్చు. కాయిన్ ఎవరికి చెందాలో, సూచనల కవరు ఎక్కడుందో రాయండి, చాలు. ఆ కవరులో వాలెట్ పేరు, పాస్‌ఫ్రేజ్ ఉందన్న సంగతి, కొన్న ధర రుజువులు ఉండాలి. అమ్మినప్పుడు లాభం మీద 30 శాతం పన్ను కట్టాలి కదా.

ఇంతా చేసినా, వాలెట్ తెరిచి అమ్మి డబ్బు చేతికొచ్చేసరికి రోజులు పడుతుంది. ఆలోగా షాపు అద్దె, పిల్లల ఫీజులు ఎవరు కడతారు? ఆరు నెలల ఖర్చు మీ ఇద్దరి పేరా జాయింట్ ఖాతాలో, ఎవరు మిగిలినా తీసుకునేలా ఉండాలి. టర్మ్ పాలసీ గురించి మీరు ఒక్క మాట రాయలేదు, లేదనే అనుకుంటున్నాను. ఈ నెలలోనే తీసుకోండి. కాయిన్ కొని అమ్మే ఎక్స్ఛేంజీలోనే దాన్ని ఉంచడం ఇంకో దారి, కానీ అప్పుడు తాళం వాళ్ల చేతిలో ఉంటుంది.

చివరిగా ఒక పరీక్ష పెట్టండి. ఇంకో హార్డ్‌వేర్ వాలెట్ తెచ్చి, కొత్త పదాలు, కొత్త పాస్‌ఫ్రేజ్‌తో ఐదొందల రూపాయల కాయిన్ వేసి, దాన్ని రీసెట్ చేయండి. కాగితాలు మీ ఆవిడ చేతికిచ్చి, ఆ ఐదొందలు తిరిగి కనబడేలా చేయమనండి. మీరు పక్క గదిలో కూర్చోండి. ఆమె ఎక్కడ ఆగి మిమ్మల్ని పిలుస్తుందో, సూచనల్లో ఆ లైను మళ్లీ రాయండి.