మూడు బంతుల డబ్బాతో కండ బలపడదు, శీనూ

శీనూ,

మీ నాన్నకు ఆయాసం తగ్గాలని ఒంగోలు మందుల షాపులో మూడు బంతుల డబ్బా కొన్నావని మీ అమ్మ చెప్పింది. అది చెడ్డదేం కాదు, కానీ నువ్వనుకుంటున్న పని అది చేయదు. ఆపరేషన్ అయినవాళ్ళు లోతుగా ఊపిరి తీసుకోవడానికి ఇచ్చేది అది, దాంట్లో కండకు కొలిచిన బరువంటూ ఏమీ ఉండదు. ఫిజియోథెరపిస్టుగా ముప్పై ఏళ్ళకు పైగా చూస్తున్నా, దీన్నీ, ఊపిరి పీల్చే కండను బలపరిచే పరికరాన్నీ ఒకటే అనుకునేవాళ్ళే ఎక్కువ.

ఊపిరి కండకు బలమిచ్చే పరికరంలో స్ప్రింగు వాల్వు ఉంటుంది, దాన్ని థ్రెషోల్డ్ పరికరం అంటారు. స్ప్రింగు ఎంత బిగిస్తే వాల్వు తెరుచుకోవడానికి అంత గట్టిగా పీల్చాలి, అంత బలం రాకపోతే గాలి అసలు లోపలికి రాదు. చిన్న రంధ్రంలోంచి పీల్చే చవకరకం కూడా ఉంది, కానీ మనిషి మెల్లగా పీలిస్తే బరువు దానంతటదే తగ్గిపోతుంది, మీ నాన్న లాంటి వాళ్ళు రెండో రోజుకే ఆ కిటుకు పట్టేస్తారు.

ఇంతకీ ఆయన కండ ఎందుకు నీరసించింది? పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పొగ, పైన బీడీలు, చివరకు సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు. గాలి పూర్తిగా బయటికి పోక ఛాతీలో నిలిచిపోతుంది, దాంతో ఛాతీ అడుగున గొడుగులా వంపుగా ఉండాల్సిన ఊపిరి కండ, అంటే డయాఫ్రమ్, చదునైపోతుంది. చదునైన కండ అప్పటికే సగం కుదించుకుని ఉంటుంది కాబట్టి ఇంకా లాగే సత్తా దానికి తక్కువ. ఈ పరికరం ఆ చదును తీయదు, ఊపిరితిత్తుల జబ్బును కూడా తగ్గించదు. ఉన్న కండనే బలపరుస్తుంది, అంతే. ఇలా సాధన చేసిన సీఓపీడీ రోగుల పక్కటెముకల మధ్య కండలోంచి ముక్క తీసి చూస్తే దాని నారలు నిజంగానే మారాయని తేలింది.

కొనేముందు పీల్చే బలం కొలిపించు. దాన్ని ఎంఐపీ అంటారు, ఛాతీ డాక్టరు దగ్గర అడుగు. ఉదాహరణకు 50 సెంటీమీటర్ల నీటి పీడనం వచ్చిందనుకో, అది తక్కువే, అంటే సాధనకు అర్థముంది. అందులో 30 శాతం, అంటే 15 దగ్గర మొదలుపెట్టాలి. కూర్చోబెట్టి, ముక్కుకు క్లిప్పు పెట్టి, పెదాలు గట్టిగా మూయించి, నిదానంగా గాలంతా వదిలించి, ఒక్కసారిగా బలంగా పీల్చమను, మళ్ళీ మెల్లగా వదలాలి. పొద్దున ముప్పైసార్లు, సాయంత్రం ముప్పైసార్లు, మధ్యలో ఆగి అలుపు తీర్చుకోవచ్చు. కష్టం ఎంతుందని పదికి అడిగితే నాలుగు నుంచి ఆరు మధ్య చెప్పాలి. మూడంటే స్ప్రింగు కొంచెం బిగించు, అలా వారాలు గడిచేకొద్దీ 50లో సగం, అంటే 25 దాకా తీసుకెళ్ళు. ఎనిమిది వారాలకు మళ్ళీ కొలిపించు, ఎందుకంటే 50 కాస్తా 60 అయితే దాంట్లో సగం కూడా మారుతుంది.

బరువు ఎక్కువైందని తెలిసేదెట్టా అంటే, భుజాలు పైకి లేస్తాయి, గాలి వచ్చే చప్పుడు మొదలవగానే తెగిపోతుంది. తల తిరిగి వేళ్ళు తిమ్మిరెక్కితే బరువు వల్ల కాదు, మరీ వేగంగా పీల్చి వదలడం వల్ల. ఆపి, మామూలు ఊపిరి వచ్చాక మళ్ళీ మొదలుపెట్టమను.

ఇక అమ్మేవాళ్ళు చెప్పని సంగతి. నెంబరు పెరిగితే సంబరపడొద్దు. గట్టిగా పీల్చడమే సాధన, గట్టిగా పీల్చడమే పరీక్ష, కాబట్టి కొంత పెరుగుదల అలవాటు వల్లే వస్తుంది. మనకు కావాల్సింది ఆయన ఇంట్లోంచి బజారు దాకా ఆగకుండా నడవడం. వేరే ఏ వ్యాయామమూ లేనివాళ్ళకు ఈ పరికరం ఒక్కటే ఇస్తే ఆయాసం కొంత తగ్గుతుంది, నడక కొంత మెరుగవుతుంది. కానీ నడక, కాళ్ళ వ్యాయామం అన్నీ ఉండే పల్మనరీ రిహాబ్‌కు దీన్ని జోడిస్తే పెద్దగా లాభం కనపడలేదు. యూరప్‌లో కండ బలహీనంగా ఉన్న 219 మంది మీద చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, రిహాబ్‌కు దీన్ని జోడించినవాళ్ళకు పీల్చే బలం ఎక్కువ పెరిగింది, ఆరు నిమిషాల్లో నడిచే దూరం మాత్రం మిగతావాళ్ళకంటే ఎక్కువేమీ పెరగలేదు. పైగా సాధన మానేస్తే వచ్చిన బలం నెలల్లో జారిపోతుంది. అందుకే నా మాట, ఆయన నడవగలిగితే డబ్బూ ఓపికా ముందు నడక మీద పెట్టు. మోకాళ్ళ నొప్పితో కదల్లేకపోతే అప్పుడు ఇది కొను.

ఇంకొకటి, మీ నాన్నకు చిన్నప్పటి నుంచి చెవి కారుతుంది కదా. కర్ణభేరికి చిల్లుంటే ఇది చేయకూడదు. ఎప్పుడైనా ఊపిరితిత్తికి చిల్లు పడి గాలి లీకైనా, ఎక్స్‌రేలో పెద్ద గాలి బుడగలున్నాయన్నా అంతే. ముందు చెవి చూపించి, ఆ రిపోర్టు, పాత ఎక్స్‌రే ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు.

మీ పెద్దమ్మ