ఒత్తులు విడిపోతున్నాయి, కార్డు మసకబారుతోంది

*‘మా గృహప్రవేశం ఆహ్వానాన్ని ఫోన్‌లోనే తయారు చేస్తున్నాను. డిజైన్ యాప్‌లో ‘గృహప్రవేశం’ అని రాస్తే ‘ప్ర’లో ఒత్తు విడిగా పడుతోంది. నెట్‌లో దొరికిన తెలుగు ఫాంట్ వేసినా అక్షరం మారడం లేదు. వాట్సాప్‌లో పెడితే చిన్న అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?’*

ముందు అదే మాటను వాట్సాప్ మెసేజ్‌లో టైప్ చేసి చూడండి. అక్కడ సరిగ్గా వస్తే మీ కీబోర్డు బాగానే ఉన్నట్టు, తేడా డిజైన్ యాప్‌లోనే ఉంది. అక్షరాల మధ్య దూరం పెంచే స్పేసింగ్ ఆప్షన్ ఉంటుంది కదా, దాన్ని సున్నా చేయండి. ఇంగ్లిష్‌కి అందాన్నిచ్చే ఆ దూరం చాలా యాప్‌లలో తెలుగు ఒత్తుల్ని విడగొడుతుంది. వరసల మధ్య దూరం మాత్రం కాస్త పెంచాలి. లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడిదీర్ఘాల మీద కూర్చుంటాయి.

ఫాంట్ వేసినా అక్షరం మారలేదంటే అది యూనికోడ్ ఫాంట్ అయి ఉండదు. ప్రింటింగ్ ప్రెస్సుల్లో వాడే పాత అను ఫాంట్లు ఇలాంటివే. మీ కీబోర్డు రాసే తెలుగు అక్షరాలు వాటిలో ఉండవు కాబట్టి ఫోన్ తన సొంత ఫాంట్‌తోనే చూపిస్తుంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్రను శీర్షికకి, మండలిని వివరాలకి వాడండి. రామభద్ర బాగా లావు, దాంతో అడ్రస్ రాస్తే చదవలేం.

ఇక మసక సంగతి. వాట్సాప్ మామూలుగా ఫొటోను కుదించి పంపుతుంది, సన్నని అక్షరాలకి అక్కడే దెబ్బ. కార్డును స్క్రీన్‌షాట్ తీయకుండా యాప్ నుంచే సేవ్ చేయండి. పంపే ముందు పైన కనిపించే HD గుర్తు నొక్కండి. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలే వెళ్తుంది కానీ, గ్రూపులో ఫైల్ పేరు చూసి తెరిచే పెద్దవాళ్లు తక్కువ. నా ఓటు HDకే. మొదటిసారే ఇలా పంపాలి. ఒకసారి మసకబారిన కాపీని ఎవరు ఎన్నిసార్లు ఫార్వర్డ్ చేసినా బాగుపడదు.

బొమ్మలోని మ్యాప్ లింకును నొక్కలేం, దాన్ని ఫొటో కింద క్యాప్షన్‌లో పెట్టండి.

చివరిగా ముహూర్తం. తెల్లవారుజామున 3.20కి అయితే ‘శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారం’ అని తేదీతో సహా రాయండి. ఉత్త ‘శనివారం 3.20’ అంటే మధ్యాహ్నం దిగేవాళ్లు ఉంటారు. గ్రూపులో పెట్టేముందు ఇంట్లో ఒకరికి పంపి చదివించండి. తప్పు దొరికాక ‘అందరికీ డిలీట్’ కొట్టినా మీరు పెట్టిన మెసేజే పోతుంది, ఈలోగా పెద్దమ్మ వేరే గ్రూపుకి ఫార్వర్డ్ చేసిన కార్డు అక్కడే ఉంటుంది.