రెండు రూపాయల వడ్డీ, 11 శాతం వడ్డీ: ఏది తక్కువ?

"మా అమ్మాయికి ఇంజనీరింగ్ సీటు వచ్చిందండీ. ఫీజు, హాస్టల్ కలిపి ఇప్పుడు 2 లక్షలు కావాలి. తెలిసినాయన నూటికి 2 రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు, నోటు రాసిస్తే చాలట. బ్యాంకులో అడిగితే 11 శాతం అంటున్నారు, పైగా బోలెడు కాగితాలు. 2 ఎక్కడ, 11 ఎక్కడ? కోర్సు అయ్యాక అమ్మాయి ఉద్యోగంలో చేరి కట్టేస్తుంది కదా, బయట తీసుకుంటే నష్టమా?"

నష్టమేనండీ. ముందు ఒక్క విషయం చూడండి: ఆయన చెప్పిన 2 నెలకు, బ్యాంకు చెప్పిన 11 ఏడాదికి. రెండింటినీ ఒకే కొలతలోకి తెస్తే తేడా మీకే కనిపిస్తుంది. నెలకు 2 అంటే ఏడాదికి 24. అటునుంచి లెక్కేసినా అంతే, 11ని 12తో భాగిస్తే 92 పైసలు వస్తుంది. అంటే బ్యాంకు మీకు ఇస్తానంటున్నది 92 పైసల వడ్డీ. ఊళ్ళో ఎవరైనా 92 పైసలకు అప్పిస్తానంటే మీరు ఇంకొకరి గడప తొక్కుతారా?

2 లక్షల మీద బయట నెలకు 4,000, ఏడాదికి 48,000. బ్యాంకులో ఏడాదికి 22,000. కానీ ఇది పైపై లెక్క మాత్రమే, అసలు విషయం ఆ 4,000 ఎప్పుడు కడతారన్న దాంట్లో ఉంది. నెలనెలా కడితే ఆ డబ్బు ఏడాది చివర్లో కాదు, మొదటి నెల నుంచే మీ చేయి దాటిపోతుంది. దాన్ని ఆయన అదే రెండు రూపాయలకు మరొకరికి తిప్పుతారు. అలా తిప్పితే ఏడాది తిరిగేసరికి ఆ 48,000 కాస్తా 53,600 పైచిలుకు అవుతుంది, అంటే నిజమైన వార్షిక వడ్డీ 26.8 శాతం. ఇదే లెక్కన మూడు రూపాయల వడ్డీ 36 కాదు, 42.6 శాతం. ఐదు రూపాయలైతే 60 కాదు, దాదాపు 80.

మొదటి నెల వడ్డీ ముందే పట్టుకుని 1,96,000 చేతిలో పెట్టి, నోటు మాత్రం 2 లక్షలకు రాయించుకుంటే, ఆ తర్వాత కూడా ప్రతి నెలా వడ్డీ ముందుగానే కట్టాలంటే, అది 27.4 శాతానికి చేరుతుంది. ఏడాది వడ్డీ మొత్తం ముందే కోసుకునేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు చేతికొచ్చేది 1,52,000. ఆ 1,52,000 వాడుకున్నందుకు 48,000 ఇచ్చినట్టు, అంటే 31.6 శాతం. నోటితో చెప్పేది మాత్రం అన్నిట్లోనూ "రెండు రూపాయలే".

అన్నిటికంటే ఎక్కువమంది దెబ్బతినేది వాయిదాల్లో. "అసలు, వడ్డీ కలిపి 2,48,000, పన్నెండు నెలలు నెలకు 20,667 కట్టండి" అంటారు. వినడానికి తేలిగ్గా, పద్ధతిగా కూడా ఉంటుంది. కానీ ఆరో వాయిదా అయ్యేసరికి అసలులో సగం తీరిపోయి ఉంటుంది, అయినా వడ్డీ మాత్రం పూర్తి 2 లక్షల మీదే, నెలకు అదే 4,000. పన్నెండో నెలలో మీ దగ్గర మిగిలిన అసలు 17 వేలకు మించదు, దానికీ 4,000 వడ్డీ! ఇది చేత్తో లెక్కేయడం కష్టం, అమ్మాయిని ఎక్సెల్‌లో ఇలా కొట్టమనండి:

```
=RATE(12,-20667,200000)
```

సెల్‌లో రెండు దశాంశాలు కనిపించేలా పెడితే నెలకు 3.48 శాతం దాకా వస్తుంది. అంటే మీరు కడుతున్నది రెండు రూపాయల వడ్డీ కాదు, దాదాపు మూడున్నర రూపాయలు. ఏడాదికి చక్రవడ్డీతో చూస్తే 50 శాతం దాటుతుంది.

ఇప్పుడు మీ మాటకు వద్దాం, కోర్సు అయ్యాకే కడతామన్నారు కదా. బారువడ్డీ అయితే నాలుగేళ్ళకు వడ్డీ 1,92,000, మొత్తం 3,92,000. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి, నాలుగేళ్ళూ వడ్డీ మీద వడ్డీ పడకుండా చివర్లో ఒకేసారి కడితే నిజమైన రేటు ఏడాదికి 18.3 శాతానికి తగ్గుతుంది. కానీ అలా జరగనివ్వరు. ప్రామిసరీ నోటుకు మూడేళ్ళే కాలపరిమితి, ఆలోపు మీరు కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టకపోతే అప్పిచ్చినాయనకు కోర్టుకు వెళ్ళే హక్కు పోతుంది. అందుకని మూడేళ్ళు నిండకముందే నోటు తిరగరాయిస్తారు. తిరగరాసేటప్పుడు అప్పటిదాకా అయిన 1,44,000 వడ్డీ అసలులో కలిసిపోయి కొత్త నోటు 3,44,000కు పుడుతుంది. ఆ రోజు నుంచి నెలకు 4,000 కాదు, 6,880. నాలుగో ఏడాది చివరికి 4,26,560. ఏటా తిరగరాయిస్తే 4,72,000 దాటుతుంది. బారువడ్డీ అని మొదలైన అప్పు చక్రవడ్డీగా మారేది ఈ తిరగరాతలోనే, చాలా ఇళ్ళల్లో అది గమనించకుండానే సంతకం పెట్టేస్తారు.

అదే 2 లక్షలు బ్యాంకు విద్యారుణంగా తీసుకుంటే, చదువుతున్నన్నాళ్ళూ మామూలుగా బారువడ్డీయే వేస్తారు. నాలుగేళ్ళకు 88,000, మొత్తం 2,88,000. మూడేళ్ళకు తిరగరాసిన బయటి నోటుతో పోలిస్తే 1,38,560 తేడా. అమ్మాయి ఉద్యోగంలో చేరిన మొదటి రోజుకే ఈ తేడా తన నెత్తిన ఉంటుంది, మొదటి ఉద్యోగం ఏది వస్తే అది పట్టుకోవాల్సిన పరిస్థితి వచ్చేది ఇక్కడే. పైచదువు, ట్రైనింగ్, మంచి కంపెనీ కోసం ఆర్నెల్లు ఆగడం, ఏదైనా సరే నెలకు 6,880 కట్టాల్సిన ఇంట్లో కుదరదు. మీరు అడిగింది వడ్డీ గురించే అయినా నేను అమ్మాయి కెరీర్ మాట ఎత్తింది అందుకే.

కాగితాల భయం కూడా అంత పెద్దది కాదండీ. బ్యాంకుల మోడల్ విద్యారుణ పథకంలో 4 లక్షల దాకా తాకట్టు అడగరు, తల్లి లేదా తండ్రి సహరుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. అడ్మిషన్ లెటర్, ఏ సెమిస్టర్‌కు ఎంత ఫీజో కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన కాగితం, మార్కుల మెమోలు, ఆదాయ రుజువు, ఆధార్, పాన్ దగ్గర పెట్టుకోండి. విద్యాలక్ష్మి పోర్టల్‌లో విద్యారుణానికి ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. నాలుగేళ్ళ ఫీజు ఒకేసారి తీసుకోవద్దు, ఏ ఏడాదిది ఆ ఏడాదే విడుదలవుతుంది, విడుదలైన దాని మీదే వడ్డీ నడుస్తుంది.

చిక్కంతా టైమ్ దగ్గరే. లోన్ శాంక్షన్ కావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, ఫీజు గడువు అంతకంటే ముందే వస్తే మాత్రం బయట తీసుకోక తప్పదు. అప్పుడు 2 లక్షలు కాదు, మొదటి వాయిదాకు సరిపడా 50,000 మాత్రమే తీసుకోండి. రెండు నెలలకు 2,000 వడ్డీ, అది తట్టుకోగలరు. రసీదు చూపిస్తే ఆ ఫీజు తిరిగి ఇస్తారా అని బ్యాంకు మేనేజర్‌ను ముందే అడిగిపెట్టుకోండి. నోటు మీద అంకె, అక్షరాల్లో మొత్తం, తేదీ, వడ్డీ అన్నీ నింపాకే సంతకం పెట్టండి, ఖాళీ నోటు మీద ఎంత తెలిసినాయనకైనా పెట్టొద్దు. కట్టిన ప్రతి రూపాయికీ అదే నోటు వెనక చెల్లు వేయించి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి, తీరిన రోజు ఆ నోటు ఇంటికి తెచ్చుకోండి.