రేపు లెక్కల పరీక్ష, ఈ రాత్రి తమ్ముడికి ఏం రాయాలి?

మేడమ్, నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. మా తమ్ముడు ఆంధ్రాలో పదో తరగతి. రేపు లెక్కల పరీక్ష. ఇందాక ఫోన్ చేసి ‘అక్కా, ఒక్క సూత్రమూ గుర్తుకు రావట్లేదు’ అని ఏడ్చాడు. ధైర్యం చెబుతూ మెసేజ్ పెట్టాలని ఉంది. ఏం రాయాలో తోచడం లేదు.

‘నీకు తొంభై దాటడం ఖాయం’ అని మాత్రం రాయకండి. మీరు ప్రేమతోనే రాస్తారు, కానీ వాడికి అది ఈ రాత్రి మోయాల్సిన ఇంకో బరువు. ‘టెన్షన్ పడకు’ అన్నా పెద్దగా పని చేయదు. కంగారులో ఉన్నప్పుడు బాగా వచ్చినవి కూడా వెంటనే తట్టవు. తట్టలేదని మళ్లీ పుస్తకం తిప్పుతాడు, ఇంకా కంగారు పడతాడు, నిద్ర చెడుతుంది. చదివింది మనసులో నిలవడానికి ఆ నిద్రే కావాలి. అందుకే మీ మెసేజ్ వాడితో పుస్తకం మూయించాలి, రేపు పేపర్ అందగానే ఏం చేయాలో చెప్పాలి.

అందులో మీరు కళ్లారా చూసిన సంగతి ఒకటి ఉండాలి. అలాంటిదే వాడు నమ్ముతాడు. ఉదాహరణకు ఇలా:

‘చిన్నా, సంక్రాంతి సెలవుల్లో త్రికోణమితి లెక్క రెండుసార్లు తప్పి, మూడోసారి బొమ్మ గీసుకుని చేశావు. నేను పక్కనే ఉన్నాను. రేపూ అంతే. మొదటి పదిహేను నిమిషాలు పేపర్ చదవడానికే ఇస్తారు, అప్పుడు పెన్ను ముట్టుకోకు. నీకు వచ్చినవి ఏవో చూసుకుని వాటితో మొదలుపెట్టు. ఎక్కడైనా ఆగిపోతే చోటు వదిలి పక్క లెక్కకు వెళ్లు. హాల్‌టికెట్, రెండు పెన్నులు, పెన్సిల్, స్కేలు ఇప్పుడే సంచిలో పెట్టేసి పడుకో. రేపు ఫోన్ చేసినప్పుడు పేపర్ ఎలా రాశావని అడగను, అన్నం తిన్నావా అని అడుగుతాను.’

సంక్రాంతి బదులు మీ ఇద్దరికీ తెలిసిన నిజమైన సంగతి పెట్టండి. లేనిది కల్పిస్తే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. ఆ చివరి మాట మాత్రం తీయకండి, రేపు నిలబెట్టుకోండి కూడా.

‘పెద్ద లెక్క రాకపోతే?’ అని తిరిగి అడిగితే, ఎనిమిది మార్కుల ప్రశ్నలకు ఛాయిస్ ఉంటుందని, ఆన్సర్ పూర్తి కాకపోయినా సరిగ్గా చేసిన మెట్లకు మార్కులు పడతాయని చెప్పండి. అక్కడితో ఆపండి. పదింటికి మళ్లీ ‘పడుకున్నావా?’ అని మెసేజ్ పెట్టొద్దు. అమ్మకు ఫోన్ చేసి లైటు ఆర్పమనండి.

కానీ ఏడుపులో ‘నేనుండి ఏం లాభం’ లాంటి మాట వస్తే మెసేజ్‌తో సరిపెట్టకండి. అమ్మను లేపి వాడి పక్కనే పడుకోమనండి. మానసిక సాయం అందించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి రాత్రి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.