ఎంఆర్‌పీ మీద కాదు, నిన్నటి ధర మీద ఎంత తగ్గింది?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరంలో ఎలక్ట్రానిక్స్ దుకాణం. దీపావళి వారాంతానికి మా వెబ్‌సైట్‌లో 43 అంగుళాల టీవీ ఆఫర్ పెడుతున్నాం. ఎంఆర్‌పీ రూ.44,990, మా ధర రూ.24,990. ‘44 శాతం తగ్గింపు’ అని రాయవచ్చా? కొనేవారికి నిజమైన పోలిక ఎలా చూపించాలి?

జవాబు: లెక్క ప్రకారం 44 శాతం సరైనదే. కానీ ఆ టీవీని మీరు ఏనాడైనా రూ.44,990కి అమ్మారా? ఎంఆర్‌పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న హద్దు మాత్రమే. టీవీల విషయంలో మార్కెట్ ధర దానికి చాలా కింద ఉంటుంది. కొనేవారికి కావాల్సింది, పండుగకు ముందు మీ దగ్గర అది ఎంతకు దొరికేదన్నది.

ఇందుకు ఐరోపా సమాఖ్య పాటిస్తున్న కొలత నాకు నచ్చుతుంది. తగ్గింపు ప్రకటించే ముందు 30 రోజుల్లో అమ్మిన అతి తక్కువ ధరనే పాత ధరగా చూపాలని 2022 మే 28 నుంచి అక్కడ నిబంధన అమల్లో ఉంది. మన దేశంలో అలాంటి 30 రోజుల లెక్క లేకపోయినా, తప్పుదోవ పట్టించే ప్రకటనలను 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిషేధిస్తోంది.

మీ టీవీ మామూలు ధర రూ.27,490 అనుకుందాం. దసరాకు నాలుగు రోజులు రూ.26,490కి ఇచ్చి, మళ్లీ పెంచారు. దసరా దీపావళికి దాదాపు 20 రోజుల ముందే వస్తుంది కాబట్టి ఆ ధర 30 రోజుల లోపలే పడుతుంది. అంటే నిజమైన తగ్గింపు రూ.2,500 కాదు, రూ.1,500. శాతంలో చెప్పాలంటే దాదాపు 6.

ఈ ధరను జ్ఞాపకం మీద రాయకండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి అమ్మకాల జాబితాను ఎక్సెల్‌లోకి దించుకోండి. A నిలువు వరుసలో తేదీ, B లో మోడల్ నంబరు, D లో పన్నుతో కలిపి ఒక్కో టీవీ ధర ఉంచి, F1 లో సేల్ మొదలయ్యే తేదీ, F2 లో మోడల్ నంబరు రాయండి. తర్వాత ఒక ఖాళీ గడిలో ఈ ఫార్ములా వేస్తే ఆ 30 రోజుల అతి తక్కువ ధర వస్తుంది.

```
=MINIFS(D:D,B:B,F2,A:A,">="&F1-30,A:A,"<"&F1)
```

రెండో తేదీ షరతు వదిలేస్తే సేల్ మొదలైన మర్నాటి నుంచి సేల్ ధరే అతి తక్కువగా కనిపిస్తుంది. పాత టీవీ మార్పిడి విలువను తీసేసి వేసిన బిల్లులు ఉంటే ముందే పక్కన పెట్టండి, లేకపోతే అంకె తప్పుతుంది.

ఇక వాక్యం ఇలా ఉండవచ్చు: ‘ధర రూ.24,990. గత 30 రోజుల్లో మా అతి తక్కువ ధర రూ.26,490. తగ్గింపు రూ.1,500. ఎంఆర్‌పీ రూ.44,990.’ పక్కనే పూర్తి మోడల్ నంబరు ఇవ్వండి. చివర ఒక్క అక్షరం మారినా ప్యానెల్ వేరు కావచ్చు, తయారైన ఏడాది వేరు కావచ్చు. నంబరు ఉంటేనే కొనేవారు మరో దుకాణం ధరతో సరిపోల్చుకోగలరు.

బ్యాంకు కార్డు తగ్గింపును పెద్ద అక్షరాల ధరలో కలపవద్దు, ఆ కార్డు లేనివారికి అది వర్తించదు. నో కాస్ట్ ఈఎంఐ అని రాస్తే ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ మీద బ్యాంకు వేసే 18 శాతం జీఎస్‌టీ ఎంతో అక్కడే రూపాయల్లో చెప్పండి.